సెకను లేని వెలుగు వేగం

వెలుగు వేగం మీటర్లలో వస్తుందని ప్రపంచంలో మొట్టమొదట నిరూపించినవాణ్ణి నేనే. సెకనుకు ఇన్ని మీటర్లని కాదు, ఉత్త మీటర్లు. మెదక్‌లో ఒక డిగ్రీ కాలేజీ గదిలో, ఎండాకాలం మధ్యాహ్నం, ఇద్దరు పెద్దమనుషుల ఎదుట, నల్లబల్ల మీద నా సొంత దస్తూరీతో నిరూపించాను. ఆ ఇద్దరి చేతుల్లో నా ఉద్యోగం ఉండటం ఒక్కటే ఆ నిరూపణలో ఇబ్బంది.

ఉద్యోగమంటే మరీ పెద్దది కాదు. ఫిజిక్స్ గెస్ట్ లెక్చరర్. గెస్ట్ అన్న మాటలోనే ఉంది, ఎప్పుడైనా లేచి వెళ్ళమనొచ్చని. అయినా నాకది కావాలి. అప్పటికి నేనొక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చెబుతున్నాను. అక్కడ ఫిజిక్స్ అంటే సమాధానానికి దగ్గరి దారి. సూత్రం ఎక్కడినుంచి పుట్టిందో చెబుదామని బోర్డు మీద నాలుగో లైను రాశానంటే చాలు, కరస్పాండెంటు గారు కిటికీలోంచి తల పెట్టేవారు.

"సార్, గదంత పుస్తకంల ఉంటది గదా. పోరగాండ్లకు ఆన్సర్ చెప్పుండ్రి."

డిగ్రీ కాలేజీలోనైతే నాలుగో లైనే కాదు, నలభయ్యో లైను రాసినా అడిగేవాళ్ళుండరు. వినేవాళ్ళు కూడా ఉండకపోవచ్చు, అది వేరే సంగతి. పూర్తి లైన్లు రాసుకునే హక్కు కోసం ఆ పోస్టు కావాలనిపించింది. ఇలా చెబితే గొప్ప ఆశయంలా ఉంది కాని, నిజానికి దురద లాంటిది. సగంలో ఆపిన డెరివేషన్ గోకడానికి అందని చోట పురుగు పాకినట్టుంటుంది.

పోస్టు ఒక్కటే. దరఖాస్తు పెట్టింది ఇద్దరం. రెండో మనిషి నాతోపాటు ఎమ్మెస్సీలో ఒకే బెంచీ మీద కూర్చున్న అమ్మాయి. పాపన్నపేట అవతల ఊరు. పొద్దున్నే షేరాటోలో పదిమంది మధ్య ఇరుక్కొని మెదక్ వచ్చి, ఒక బడిలో ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పేది.

"మూడేండ్లాయె," అనేది. "వెలుగు సరళరేఖల పోతదని మూడేండ్ల సంది చెప్తున్న. ఒక్కసారన్న జర వంగనియ్యరురా వాళ్ళు."

తనకూ పురుగు పాకుతోందన్నమాట.

ఎంపిక పద్ధతి డెమో క్లాసు. అంశం ముందే చెప్పారు, ఇద్దరికీ ఒకటే: శూన్యంలో విద్యుదయస్కాంత తరంగాల వేగం, విద్యుత్, అయస్కాంత స్థిరాంకాల నుంచి రాబట్టడం. అర్థమయ్యేలా చెప్పాలంటే ఇదీ సంగతి. రెండు విద్యుదావేశాలు శూన్యంలో ఎంత బలంతో లాక్కుంటాయో చెప్పే సంఖ్య ఒకటుంది, ఎప్సిలాన్ నాట్. కరెంటు పారే రెండు తీగలు ఎంత బలంతో లాక్కుంటాయో చెప్పేది ఇంకొకటి, మ్యూ నాట్. ఈ రెంటినీ గుణించి, వర్గమూలం తీసి, ఒకటిని దానితో భాగిస్తే వెలుగు వేగం వస్తుంది. ఆ రెండు సంఖ్యల్ని కొలిచిన గదిలో దీపం కూడా వెలిగించి ఉండరు. అయినా వస్తుంది.

పోటీదారులు ఒకరి ముఖం ఒకరు చూడకూడదని సంప్రదాయం. మేము ఆదివారం మా జూనియర్ కాలేజీ ఖాళీ గదిలో కలిసి రిహార్సల్ చేశాం. ఆమెకు బోర్డు కావాలి, నాకు వినే మనిషి కావాలి. శత్రుత్వం సోమవారం నుంచి మొదలుపెట్టుకుందామని అనుకున్నాం.

డెరివేషన్ ఇద్దరికీ వచ్చు. లెక్క నేను మా కాలేజీ పద్ధతిలో చేసి చూపించాను. కూలుంబు సూత్రంలో ముందుండే గుణకం తొమ్మిది ఇంటూ పది పవర్ తొమ్మిది. అయస్కాంతం వైపు గుణకం పది పవర్ మైనస్ ఏడు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే పైనా కిందా ఉన్న 4π లు వాటంతటవే సర్దుకుని, తొమ్మిది ఇంటూ పది పవర్ పదహారు. వర్గమూలం మూడు ఇంటూ పది పవర్ ఎనిమిది. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు.

"గింతేనా?" అంది ఆమె.

"గింతే. మా దగ్గర దీనికి ముప్పై సెకన్లిస్తరు. నేను ఇరవైల చేస్తా."

"మిగిలిన పది సెకన్లు ఏం చేస్తవ్?"

"డౌట్లడుగుమంట. ఎవడు అడగడు."

ఆమె లేచి కిటికీ దాకా నడిచి, ఆటోస్టాండు వైపు చూసి వచ్చింది. ఆదివారం ఆటోలు తక్కువ. కూర్చున్న రెండు నిమిషాలకు మళ్ళీ లేచింది. నేనూ లేచాను. ఆ పూట మేమిద్దరం గదిలో నడిచిన నడక పొడవునా పరిస్తే ఏడుపాయల గుడి దాకా పోయి దండం పెట్టుకొని రావచ్చు.

"డైమెన్షన్స్ అడుగుతరంటవా?" అంది.

డైమెన్షన్స్ చెక్ అంటే, ఒక రాశిని ద్రవ్యరాశి M, పొడవు L, కాలం T, కరెంటు అనే ముక్కలుగా విడగొట్టి, సమీకరణానికి రెండు వైపులా అవే ముక్కలు ఉన్నాయా అని చూసుకోవడం. జవాబు ఒప్పని అది హామీ ఇవ్వదు. కిలోలు అడిగినవాడికి మీటర్లు ఇస్తున్నామేమో మాత్రం చెబుతుంది.

"అడిగితే చూద్దాం. మ్యూ నాట్‌ది నాకు నోటికొచ్చు. నీకు?"

"ఎప్సిలాన్ నాట్‌ది వచ్చు. మ్యూ నాట్‌దే ఎప్పుడు మర్చిపోత."

ఇంతకంటే మంచి బేరం ఎక్కడ దొరుకుతుంది? నా దగ్గరున్నది ఆమెకిచ్చాను. M, L, T మైనస్ రెండు, A మైనస్ రెండు. A అంటే ఆంపియర్, కరెంటు. ఆమె దగ్గరున్నది నాకిచ్చింది. M మైనస్ ఒకటి, L మైనస్ మూడు, T స్క్వేర్, Q స్క్వేర్. ఆమె చదువుకున్న తెలుగు మీడియం పాత పుస్తకంలో అలా ఉండేదట.

"Q ఏంది?" అన్నాను.

"ఎలక్ట్రిసిటీది."

"అంటే మా A."

"అంతే కావచ్చు."

అంతే అనుకున్నాం. ఊళ్ళో ఒకాయన్ను పటేలా అని, పట్నంలో అదే ఆయన్ను సార్ అని పిలిచినట్టు, పాతవాళ్ళ Q ఇప్పటి A అనుకున్నాం. నా బుర్రలో ఆమె Q వెంటనే A అయిపోయింది. ఆమె బుర్రలో నా A, Q అయింది. రెండు ఎమ్మెస్సీలు, ఒకే తప్పు, చెరోవైపు నుంచి. ఒక్కసారి రెంటినీ గుణించి చూసుంటే తేలిపోయేది. కాని నంబరు సరిగ్గా వచ్చేసింది గదా, ఇంక చూడాల్సిందేముంది. ఆటో చప్పుడు వినపడగానే ఆమె సంచీ తీసుకొని పరుగెత్తింది.

డెమో నాడు కాలేజీకి సెలవులు. విద్యార్థులుండరు. అలాంటప్పుడు ఇక్కడొక ఆచారం ఉంది: ఎంపిక చేసే పెద్దలే బెంచీల మీద కూర్చొని డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలవుతారు. మనం వాళ్ళకు లెక్చరరైపోవాలి. లోపలికి వెళ్ళేముందు అటెండరన్న నియమం చెప్పాడు.

"సార్, లోపల మేడంను మేడం అనొద్దు. స్టూడెంట్ అనుకోవాలె. నమస్తే గిట్ల పెట్టొద్దు. వాళ్ళే లేచి గుడ్మార్నింగ్ చెప్తరు."

"మధ్యాహ్నం గదా అన్నా?"

"గుడ్మార్నింగే చెప్తరు సార్. గదే రూలు."

చెప్పారు కూడా. ప్రిన్సిపాల్ మేడం ముందు బెంచీలో, చేతులు కట్టుకొని. ఆమెది కామర్సు. వేరే ఊరి కాలేజీ నుంచి సబ్జెక్టు చూడ్డానికి వచ్చిన పెద్దాయన చివరి బెంచీలో, ఫ్యాను కింద. రిటైర్మెంటుకు దగ్గరున్న మనిషి, నెరిసిన తల, జేబులో రెండు పెన్నులు. ఇద్దరూ లేచి "గుడ్మార్నింగ్ సార్" అన్నారు. "కూర్చోండి" అనాలా, "కూసో" అనాలా? పెద్దాయన్ను "బాబూ" అనాలట. మా నాయన కంటే పెద్దవాడాయన.

"సిట్ డౌన్," అన్నాను. ఇంగ్లీషు ఇలాంటప్పుడే పనికొస్తుంది.

మొదలుపెట్టాను. మారుతున్న అయస్కాంత క్షేత్రం విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుంది. మారుతున్న విద్యుత్ క్షేత్రం అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. శూన్యంలో, x దిశలో పోయే తరంగానికి రెండు సమీకరణాలు రాశాను. మొదటిదాన్ని x తో, రెండోదాన్ని t తో మరోసారి అవకలనం చేశాను. రెంటిలోనూ అయస్కాంత క్షేత్రం ఉన్న పదం ఒకటే కనుక అది తప్పుకుంది. మిగిలింది విద్యుత్ క్షేత్రం ఒక్కటే. దాని పక్కనే తీగ మీద అల పోయే సమీకరణం రాశాను. అక్కడ ఒకటి బై వేగం వర్గం ఉన్న చోట, ఇక్కడ మ్యూ నాట్ ఎప్సిలాన్ నాట్ ఉంది.

ఎప్పుడూ లేంది బోర్డు నిండా రాశాను. ఒక్క తల కూడా కిటికీలోంచి రాలేదు. లోపల ఒక రకమైన ఆనందం, దాని పక్కనే సుద్ద పొడి.

ప్రిన్సిపాల్ మేడం చెయ్యి ఎత్తారు. "సార్, గది వెలుగే అని ఎట్ల తెలుసు? ఏదో తరంగం కావచ్చు గదా?"

నిజంగా మంచి ప్రశ్న. కామర్సు వాళ్ళు ఇలాంటివి అడుగుతారని అప్పటిదాకా తెలియదు. సంఖ్యలు వేసి చూపించాను. ఎప్సిలాన్ నాట్ 8.854 ఇంటూ పది పవర్ మైనస్ పన్నెండు. మ్యూ నాట్ 1.257 ఇంటూ పది పవర్ మైనస్ ఆరు. గుణించి, వర్గమూలం తీసి, ఒకటిని భాగిస్తే 2.998 ఇంటూ పది పవర్ ఎనిమిది. "వెలుగును విడిగా కొలిచిన వేగం కూడా ఇదే బాబూ," అన్నాను. మేడంను బాబూ అన్నానని అన్నాక తెలిసింది. ఆమె పట్టించుకోలేదు. మంచి విద్యార్థిని.

అప్పుడు చివరి బెంచీ లేచింది.

"సార్, జర డైమెన్షన్స్ చెక్ చేసి చూపియ్యిండ్రి."

"ఓ, తప్పకుండా." ఎప్సిలాన్ నాట్ రాశాను. M⁻¹L⁻³T²A². దాని కింద మ్యూ నాట్. MLT⁻²A⁻². గుణిస్తూ కొట్టేశాను. M పోయింది. A పోయింది. T పోయింది. L మైనస్ రెండు మిగిలింది. వర్గమూలం తీసి తలకిందులు చేస్తే, L.

మీటరు.

వెనక్కి తిరగకుండా బోర్డు వైపే కాసేపు నిలబడ్డాను. దూరం నుంచి చూసేవాళ్ళకు ఆలోచిస్తున్నట్టు కనిపిస్తుంది. లోపల మాత్రం బస్సు ఎక్కాక టికెట్టు వెతుక్కునేవాడి పరిస్థితి. సంఖ్య ఒప్పు. సూత్రం ఒప్పు. సెకను లేదు. రెండు T లు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. మరో రెండు T లు ఎక్కడో ఉండాలి. ఎప్సిలాన్‌లోనా, మ్యూలోనా?

నాకు ఊపిరాడనప్పుడు ఒక అలవాటుంది. జోకేస్తాను.

"మెదక్‌ల టైముకు ఏదొస్తది చెప్పు బాబూ?" అన్నాను చివరి బెంచీతో.

ముందు బెంచీ నవ్వింది. నిజంగా నవ్వారు మేడం. చివరి బెంచీ నవ్వలేదు.

"జోక్ మంచిగుంది సార్. సెకను ఏడుంది?"

మ్యూ నాట్‌ను మళ్ళీ చూశాను. అది నాది, నోటికొచ్చింది. ఎప్సిలాన్ నాట్‌ను చూశాను. అది కూడా నోటికొచ్చిందే. నోటికి ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం ఆ క్షణాన తట్టలేదు. ఒక T చేర్చి చూశాను, తుడిచాను. రెండు చేర్చితే సరిపోతుంది. కాని ఎందుకు చేర్చావంటే ఏం చెప్పాలి, సరిపోతుంది గనక అనా? అది మా జూనియర్ కాలేజీ సమాధానం.

అటెండరన్న తలుపు మీద రెండుసార్లు తట్టాడు. సమయం అయిపోయింది. రాసినవాడే బోర్డు తుడవాలని ఇంకో రూలు. తుడిచాను. తర్వాత వచ్చే అభ్యర్థికి శుభ్రమైన బోర్డు ఇవ్వాలి గదా. విద్యార్థులిద్దరూ లేచి నిలబడి "థాంక్యూ సార్" అన్నారు. ఇంత మర్యాదగా నన్నెవరూ ఓడించలేదు.

వరండాలో ఆమె నిలబడి ఉంది. కుర్చీ వేసినా కూర్చోలేదు. చున్నీ కొస వేలికి చుడుతోంది, విప్పుతోంది. నా ముఖం చూసి కళ్ళతోనే అడిగింది. మధ్యలో అటెండరన్న.

"క్యాండిడేట్లు మాట్లాడుకోవద్దు సార్."

ఇక్కడ నేను ఒక గొప్ప త్యాగం చేసినట్టు రాసుకోవచ్చు. చెప్పకపోతే ఆమెకూ మీటరే వస్తుంది, ఇద్దరం సమానమవుతాం, అప్పుడు నా జోకు అదనపు మార్కు. ఆ లెక్క అప్పుడు తట్టనే లేదు. తట్టింది ఒక్కటే: ఆ సెకను ఎక్కడ పోయిందో ఎవరో ఒకరు కనిపెట్టకపోతే నాకు పిచ్చెక్కుతుంది. ఆ గదిలోకి పోయే అవకాశం ఇక మిగిలింది ఆమెకే.

"గుణిస్తే సెకను వస్తలేదు," అన్నాను పక్కనుంచి పోతూ. "ఉత్త మీటరే మిగుల్తుంది."

"సార్! చెప్పిన గదా," అన్నాడు అటెండరన్న.

ఆమె వేలికి చుట్టిన చున్నీ అలాగే ఉండిపోయింది. ఒక్క క్షణం నిలబడి లోపలికి వెళ్ళింది.

నన్ను స్టాఫ్ రూములో కూర్చోమన్నారు. కూర్చోవడం ఆ రోజు నా చేత కాని పని. డెమో జరిగే గది కిటికీ పక్కనే వరండాలో మంచినీళ్ళ డ్రమ్ము ఉంది. గ్లాసు పట్టుకొని అక్కడ నిలబడ్డాను. మూడో గ్లాసు దగ్గర అటెండరన్న వచ్చాడు.

"సార్, నీళ్ళు తాగుతుండ్రా, క్లాసు వింటుండ్రా?"

"రెండూ అన్నా."

"జర నీళ్ళ దిక్కు తిరిగి వినుండ్రి. మేడం చూస్తే నన్నంటది."

లోపల ఆమె డెరివేషన్ నాకంటే నెమ్మదిగా చేసింది. వేగం సూత్రం దగ్గరికి వచ్చాక, ఎవరూ అడగకముందే, సుద్ద కింద పెట్టింది.

"ఇప్పుడు డైమెన్షన్స్ చూడాలె. నేను రెండు ఫార్ములాలు బట్టీ పట్టుకొని వచ్చిన. అవి రాయను."

"ఎందుకు మేడం?" చివరి బెంచీ గొంతు.

"అందుల ఒకటి నాది కాదు."

నీళ్ళు గొంతులో అడ్డం పడ్డాయి.

"అందుకే మొదటి సంది వద్దాం," అంది. కూలుంబు సూత్రం రాసింది. బలమంటే, రెండు ఆవేశాల లబ్ధం, కింద ఎప్సిలాన్ నాట్, దూరం వర్గం. 4π కి డైమెన్షన్ లేదు, వదిలేసింది. అంటే ఎప్సిలాన్ నాట్ అంటే ఆవేశం వర్గాన్ని బలంతోనూ పొడవు వర్గంతోనూ భాగించడం. బలాన్ని M, L, T లుగా విడగొట్టలేదు. F అనే ఉంచింది. తర్వాత కరెంటు పారే రెండు తీగలు. మీటరు తీగకు పడే బలం, మ్యూ నాట్ ఇంటూ కరెంటు వర్గం, కింద తీగల మధ్య దూరం. రెండు పొడవులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మ్యూ నాట్ అంటే బలాన్ని కరెంటు వర్గంతో భాగించడం, అంతే. ఆవేశాన్ని Q అని, కరెంటును I అని రాసింది.

"ఇప్పుడు రెండు గుణించుండ్రి. ఒకదాంట్ల బలం పైనున్నది, ఒకదాంట్ల కిందున్నది. బలం పోయింది. ఇగ మాస్‌తోని మనకు పనే లేదు. ఏం మిగిలింది?"

"Q స్క్వేర్ బై I స్క్వేర్ L స్క్వేర్," అన్నారు ప్రిన్సిపాల్ మేడం. కామర్సు!

"Q బై I అంటే ఏంది?"

డ్రమ్ము కుళాయి నుంచి చుక్క పడింది. ఆవేశం వేరు, కరెంటు వేరు. ఒక సెకనులో ఎంత ఆవేశం పారిందో అదే కరెంటు. ఆవేశాన్ని కరెంటుతో భాగిస్తే...

"అరె!" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, చివరి బెంచీ తల కిటికీ వైపు తిరిగింది.

"టైమ్," అంది ఆమె లోపల, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. "Q బై I అంటే కాలం. కాలం వర్గం బై పొడవు వర్గం. తలకిందులు చేసి వర్గమూలం తీస్తే పొడవు బై కాలం. వేగం."

ఆదివారం ఆమె నాకిచ్చింది Q స్క్వేర్. నేను దాన్ని A స్క్వేర్ అని రాశాను. ఆ రెంటికీ మధ్య తేడా సరిగ్గా T స్క్వేర్. ఆ సెకన్ను బోర్డు మీద పోగొట్టలేదు, ఆదివారమే చేతులు మారేటప్పుడు పోగొట్టాను. ఆమె మాత్రం దాన్ని ఇప్పుడు అందరి ముందూ కనిపెట్టింది. ముందే తెలిసినట్టు నటించలేదు. ఆ "టైమ్" అన్నప్పుడు గొంతులో ఉన్న ఆశ్చర్యం అరువు తెచ్చుకున్నది కాదు.

క్లాసు అయ్యాక పెద్దాయన నీళ్ళకోసం వచ్చారు. గ్లాసు కడిగి ఇచ్చాను. ఇప్పుడాయన విద్యార్థి కాదు.

"ఆమెకు చెప్పింది నువ్వేనా?"

"మీటరొస్తదని చెప్పిన సార్. ఎందుకొస్తదో నాకే తెల్వదు."

"మా జమానాల Q రాసేటోళ్ళం. ఇప్పుడు A రాస్తుండ్రు. Q తోని రెండు రాస్తే సరిగొస్తది, A తోని రెండు రాస్తే సరిగొస్తది. దానొకటి దీనొకటి తెస్తే ఇగ గంతే." నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించారు. "ఎవరి దగ్గర్నుంచి తెచ్చుకున్నవ్?"

కిటికీలోంచి బోర్డు తుడుస్తున్న ఆమెను చూపించాను.

ఆయన మొదటిసారి నవ్వారు. "మరి ఆమెకేమిచ్చినవ్?"

"నాదిచ్చిన సార్."

"ఓర్నీ. ఇద్దరు కల్సి లైటును ఆపేసిండ్రు గదరా." కాసేపు నవ్వి, ఆగి, అన్నారు. "జోకేసినవ్ చూడు లోపల, గదొక్కటే తప్పు. మీటరు రావడం తప్పు గాదు. వచ్చినప్పుడు వెనక్కి ఒక లైను పోవాలె. నువ్వు పక్కకు పోయినవ్."

సమాధానంగా ఒక మంచి జోకు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. కొంచెం చేదుగా ఉంది.

ఫలితం చెప్పడానికి వాళ్ళు సాయంత్రం దాకా కూడా ఆగలేదు. ఇద్దర్నీ లోపలికి పిలిచి మేడమే చెప్పారు. ఆమెను జూన్‌లో కాలేజీ తెరవగానే రమ్మన్నారు. నన్ను చూసి "మీరు మస్తు మంచిగ చెప్పిండ్రు" అన్నారు. ఓడినవాళ్ళకు ఇచ్చే మాట అది, అయినా తీసుకున్నాను.

ఆటోస్టాండు దాకా ఇద్దరం నడిచాం. ఆమె గబగబా నడుస్తోంది, మధ్యలో ఆగుతోంది, మళ్ళీ నడుస్తోంది. సంతోషపడదామంటే పక్కన నేనున్నాను.

"ఏడుస్తవారా?" అంది చివరికి.

"ఎండకు కండ్లకు నీళ్ళొస్తున్నయ్. మెదక్ అంతా ఏడుస్తుంది చూడు."

"నువ్వు చెప్పకపోతే నేను గూడ అదే రాస్తుంటి."

"తెలుసు."

"మరి?"

"మరేం లేదు. ఆటో ఎక్కు. డ్రైవర్ పదకొండో మనిషి కోసం చూస్తుండు."

ఎక్కింది. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య, ఒడిలో ఎవరిదో పాల క్యాను. ఆటో కదిలాక నేను ఇంటివైపు నడిచాను. ఇంట్లో కూర్చుంటే అమ్మ అడుగుతుంది. చెప్పాలి. చెప్పడానికేముంది, రాలేదని ఒక ముక్క. అదీ కాక కాళ్ళు ఆగడం లేదు. బలం బలంతో కొట్టుకుపోయిన ఆ లైను కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. రెండూ గుణిస్తే వేగం వచ్చింది. ఒకవేళ ఒకదాన్ని ఇంకొకదానితో భాగిస్తే?

మ్యూ నాట్ బై ఎప్సిలాన్ నాట్. ఈసారి బలం పోదు, రెండుసార్లు వస్తుంది. అరచేతిలో వేలితో రాసుకుంటూ నడిచాను. ఎదురొచ్చిన సైకిలాయన తప్పుకొని ఏదో అన్నాడు. బలం వర్గం, పొడవు వర్గం, కింద Q వర్గం, I వర్గం. ఈసారి Q ను Q గానే, I ని I గానే ఉంచాను, బుద్ధొచ్చింది. వర్గమూలం తీశాను. బలం ఇంటూ పొడవు, కింద ఆవేశం ఇంటూ కరెంటు.

ఫోన్ చేశాను. ఆటో చప్పుడులో ఎత్తింది.

"ఏందిరా? ఏడుపు షురూ అయిందా?"

"గుణిస్తే వేగమొచ్చింది గదా. మ్యూను ఎప్సిలాన్‌తోని భాగించి రూట్ తీయి. ఏమొస్తది?"

"ఇప్పుడా? ఒళ్ళె పాల క్యానున్నది నాకు."

"F ఇంటూ L బై Q ఇంటూ I. చెయ్."

అటువైపు ఆటో మోత, ఎవరో ఆడమనిషి "జర జరుగు బిడ్డా" అనడం. తర్వాత ఆమె గొంతు, నెమ్మదిగా, ఒక్కొక్క మెట్టు దిగుతున్నట్టు. "బలం ఇంటూ పొడవు అంటే పని. పని బై ఆవేశం అంటే వోల్టు. వోల్టు బై కరెంటు..." ఆగింది. "ఓమ్! ఓమ్ వస్తుందిరా!"

"నంబర్లేస్తే మూడు వందల డెబ్బై ఏడు దాకా వస్తది."

"శూన్యంల ఏం లేదు గదరా. ఏం లేనిదానికి రెసిస్టెన్స్ ఏంది, ఓమ్‌లు ఏంది?"

"నాకేం ఎరుక? లెక్చరర్‌వి నువ్వు," అని ఫోన్ పెట్టేశాను.